తేనె గాయం మీద పనిచేసేది చక్కెర వల్లా, పులుపు వల్లా, పెరాక్సైడ్ వల్లా? ఒకదానికొకటి పొసగట్లేదు

పొడిచెట్టు
ఒక చిక్కు విప్పండి. తేనె గాయాల మీద ఎందుకు పనిచేస్తుందో చదువుతుంటే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. అందులో బ్యాక్టీరియా వాడుకోగలిగిన నీరు లేకపోవడం ఒకటి. పుల్లగా ఉండడం రెండోది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టడం మూడోది. కానీ ఆ పెరాక్సైడ్ పుట్టాలంటే తేనెలో నీళ్లు కలవాలట. నీళ్లు కలిస్తే మొదటి కారణం పోయినట్టే కదా? కలవకపోతే మూడోది లేనట్టే కదా? రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

ఊరికే అడగట్లేదు. రెండు వారాల కిందట నా ముంజేతి మీద వేడి నూనె పడింది. అరచేతిలో సగమంత మేర బొబ్బ లేచి చితికిపోయింది. ఇంట్లో ఉన్న తేనె పలచగా రాసి గుడ్డ కట్టాను. మర్నాటికి గుడ్డ తడిసి ముద్దయింది, తేనె జాడే లేదు. మూడో రోజు వాసన మొదలైంది, చుట్టూ ఎర్రబడింది. టెన్షన్ పడి క్లినిక్‌కి పరిగెత్తాను. ఇప్పుడు మానుతోంది. తప్పు తేనెదా, నేను వాడిన పద్ధతిదా?

చీమలబారు
అసలు సంగతి చక్కెరే. చిక్కటి పాకంలో ఏ బ్యాక్టీరియా పెరగదు, తేనె కూడా అలాంటిదే. చక్కెర ముద్ద పెట్టి పుండ్లు మాన్పిన డాక్టర్లు కూడా ఉన్నారు. అందులో ఏ పెరాక్సైడూ లేదు కదా. మిగతా రెండు కారణాలూ తేనె గొప్పతనం కోసం చేర్చినవే.

సందేహాలపుట్ట
నాకు కడుపులో పుండు ఉంది. పొద్దున్నే పరగడుపున తేనె తాగితే ఇదే పద్ధతిలో మానుతుందా?

రాత్రిడ్యూటీ
@సందేహాలపుట్ట ఇక్కడ మాట చర్మం మీది గాయాల గురించండీ. మింగిన చెంచాడు తేనె కడుపులో ఉన్న ద్రవంలో కలిసి పలచబడిపోతుంది, ఒక చోట గంటల తరబడి నిలవదు. కడుపు పుండుకి మీ డాక్టర్ ఇచ్చిన మందే వాడండి.

గాజుపలక
@పొడిచెట్టు మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మూడూ ఒకేసారి పనిచేస్తాయని అనుకోవడం వల్ల చిక్కు వస్తోంది. అవి వంతులవారీగా పనిచేస్తాయి. గాయంలోంచి ఊరే రసి తేనెను పలచన చేస్తూ పోతుంది. ఒకటి బలం కోల్పోతున్నప్పుడు ఇంకొకటి మొదలవుతుంది.

ముందు నీటి సంగతి. తేనెలో నీరు లేదని కాదు, నూటికి 17 నుంచి 20 పాళ్లు ఉంటుంది. కానీ అదంతా చక్కెర అణువుల పట్టులో ఉంటుంది. ఎంత నీరు ఉందని కాకుండా ఎంత నీరు చేతికి అందేలా ఉందని కొలిచేదే వాటర్ యాక్టివిటీ. స్వచ్ఛమైన నీటికి 1. తేనెకి సుమారు 0.6 లేదా ఇంకాస్త తక్కువ. చాలా బ్యాక్టీరియాకి పెరగడానికి 0.91 పైన కావాలి. గాయాల్లో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే స్టెఫిలోకాకస్ ఆరియస్ మాత్రం మొండిది, 0.86 దాకా ఓర్చుకుంటుంది. కాబట్టి సీసాలో ఉన్న తేనెలో దేనికీ పెరుగుదల లేదు. అక్కడిదాకా చీమలబారు గారి మాట సరైనదే.

ఇప్పుడు అదే తేనెని గాయం మీద పెట్టండి. 20 గ్రాములు అనుకుందాం. అందులో చక్కెరలు 16 గ్రాములకి కాస్త పైన. నేను వేసిన ఉజ్జాయింపు లెక్క ప్రకారం 9 గ్రాముల రసి కలిసేసరికి అది 0.86 కి చేరుతుంది, అంటే స్టెఫ్ తల ఎత్తగలదు. 16 గ్రాములు కలిస్తే 0.91. తేనెకి సమానంగా రసి కలిస్తే 0.93 దాకా పోతుంది. అంటే తన బరువంత రసి ఊరేలోపే తేనె ఈ రక్షణ పోగొట్టుకుంటుంది. కారణం చక్కెర ఒక్కటే అయితే కథ అక్కడితో అయిపోవాలి.

చీమలబారు
అయిపోదని ఎలా చెప్పగలరు?

గాజుపలక
ల్యాబులో తేల్చగలం. తేనెలో ఉన్న పాళ్లలోనే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వగైరా కలిపి నకిలీ తేనె చేస్తారు. దాన్నీ అసలు తేనెనీ పక్కపక్కన పలచన చేస్తూ స్టెఫ్ మీద చూస్తారు. నకిలీది నూటికి ఇరవై ముప్ఫై పాళ్లకి పలచబడగానే చేతులెత్తేస్తుంది. మంచి తేనె నూటికి పది పాళ్ల లోపుకి పలచబడ్డాక కూడా బ్యాక్టీరియాని ఆపుతుంది. ఆ తేడా చక్కెరది కాదు.

చీమలబారు
సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ చక్కెర ముద్ద పనిచేసిన మాట కూడా నిజమే కదా.

రాత్రిడ్యూటీ
నిజమే, కానీ దాన్ని ఎలా వాడతారో చూడండి. పుండు నిండా దట్టంగా కూరతారు, తడవగానే తీసి మళ్లీ నింపుతారు. ఎప్పటికప్పుడు కొత్త చక్కెర వేసి వాటర్ యాక్టివిటీని కింద ఉంచడమే అక్కడి కిటుకు. తేనె కొంచెం ఎక్కువ గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువు కూడా ఎంత తేనె పెట్టారన్న దాని మీదే ఉంటుంది.

తోకచుక్క
పులుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. తేనె పీహెచ్ సుమారు 4. గాయాల్లో ఉండే చాలా బ్యాక్టీరియా అంత పులుపులో పెరగలేదు. నా దృష్టిలో ఇదే పెద్ద కారణం. పైగా రాయగానే మంట పుట్టేది ఈ పులుపుకే.

గాజుపలక
పీహెచ్ 3.2 నుంచి 4.5 దాకా ఉంటుంది, మీరు చెప్పింది నిజం. ఈ కోలి 4.3 దగ్గర, సూడోమోనాస్ 4.4 దగ్గర ఆగిపోతాయి. కానీ తేనె పులుపుకి పట్టు తక్కువ. రసిలో బైకార్బనేట్, ప్రోటీన్లు ఉంటాయి, అవి పులుపుని వెంటనే మింగేస్తాయి. నీళ్లతో పలచన చేస్తే పీహెచ్ కొద్దిగానే మారుతుంది. అదే రసితో పలచన చేస్తే వేగంగా 7 వైపు నడుస్తుంది. అందుకే క్రిములని ఆపే పనిలో పులుపు వంతు మొదట్లోనే, అదీ తేనె ఇంకా చిక్కగా ఉన్న పొరలోనే.

అయితే పులుపుకి ఇంకో పని ఉంది, నాకు అదే ఎక్కువ ఆసక్తి. ఎంతకీ మానని పుండ్లు సాధారణంగా క్షారం వైపు ఉంటాయి. అలాంటి చోట ప్రోటీన్లని కోసే ఎంజైములు రెచ్చిపోయి కొత్తగా పుట్టే కణజాలాన్నే తినేస్తుంటాయి. పీహెచ్ కొంచెం దిగినా వాటి జోరు తగ్గుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా పులుపు ఉన్న చోట ఆక్సిజన్‌ని తేలిగ్గా వదులుతుంది. అంటే పులుపు క్రిముల మీద కంటే గాయం మీదే ఎక్కువ పనిచేస్తుందేమో.

తోకచుక్క
"ఏమో" అన్నారు కాబట్టి నేను నా మాట వెనక్కి తీసుకోను. చిక్కటి పొర రోజంతా ఉంటే పులుపు కూడా రోజంతా ఉంటుంది.

గాజుపలక
పొర చిక్కగా నిలిస్తే, అవును. అక్కడ మీతో గొడవ లేదు.

పొడిచెట్టు
మరి పెరాక్సైడ్? అది ఎక్కడి నుంచి వస్తుంది? పూలలోంచా?

తేనెపట్టు
ఇది నేను చెబుతాను, తేనెటీగలు పెంచుతాను కాబట్టి. పూల నుంచి కాదు, ఈగ తలలో ఉండే గ్రంథుల నుంచి. మకరందాన్ని తేనెగా మార్చేటప్పుడు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని కలుపుతుంది. మకరందం ఇంకా పలచగా ఉన్నప్పుడు ఆ ఎంజైము గ్లూకోజ్‌ని, గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకుని రెండు తయారు చేస్తుంది: గ్లూకోనిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్. అంటే తేనెకి ఆ పులుపు ఇచ్చేదీ, పెరాక్సైడ్ ఇచ్చేదీ ఒకే ఎంజైము. ఈగలకి అది గాయం మందు కాదు. నీరు ఆరి చిక్కబడేదాకా ఆ మకరందం పులిసిపోకుండా కాచుకునే ఏర్పాటు. తేనె పక్వమయ్యాక ఎంజైము దాదాపు నిద్రపోతుంది.

గాజుపలక
@తేనెపట్టు చక్కగా చెప్పారు. ఆ నిద్ర లేచేదే గాయంలో. రసి కలిసి పలచబడగానే ఎంజైముకి నీరు దొరుకుతుంది. పీహెచ్ 4 దగ్గర మందంగా ఉండే ఎంజైము 6 దగ్గర హుషారుగా ఉంటుంది. కాబట్టి రసి పులుపుని చంపడం కూడా పెరాక్సైడ్‌కి దారి తీస్తుంది. @పొడిచెట్టు మీరు అడ్డంకి అనుకున్నదే ఇక్కడ మీట. మొదటి రెండు కారణాలని ఏ రసి పాడు చేస్తుందో అదే మూడోదాన్ని నడుపుతుంది.

1937 లో జర్మన్ పరిశోధకుడు డోల్డ్ బృందం తేనెలో క్రిములని ఆపే పదార్థం ఏదో ఉందని గమనించి దానికి "ఇన్‌హిబిన్" అని పేరు పెట్టింది. వేడి చేసినా, వెలుతురులో పెట్టినా దాని బలం పోయేది. అదేమిటో చాలాకాలం తేలలేదు. 1963 లో అమెరికాలో జొనాథన్ వైట్ బృందం అది వేరే పదార్థమేమీ కాదు, ఈ ఎంజైము పుట్టించే హైడ్రోజన్ పెరాక్సైడే అని తేల్చింది.

రెండోమెట్టు
అయితే మందుల షాపులో దొరికే 3 శాతం పెరాక్సైడ్ సీసా పోస్తే సరిపోదా? అదే పదార్థం కదా, తేనె జిగట కూడా ఉండదు.

రాత్రిడ్యూటీ
పోయకండి. అది బుసబుస పొంగి కొద్దిసేపట్లో అయిపోతుంది. పోతూ పోతూ కొత్తగా పుట్టే కణాలని కూడా కాలుస్తుంది.

గాజుపలక
పదార్థం ఒకటే కానీ మోతాదు చూడండి. 3 శాతం అంటే లీటరుకి 30 గ్రాములు. పలచబడిన తేనెలో ఒక సమయంలో ఉండేది లీటరుకి కొన్ని పదుల మిల్లీగ్రాములు, అంటే దాదాపు వెయ్యి రెట్లు తక్కువ. కానీ అది అయిపోతున్న కొద్దీ ఎంజైము మళ్లీ తయారు చేస్తుంది. ఒక బిందె నీళ్లు ఒకేసారి కుమ్మరించడానికీ, చుక్క చుక్కగా గంటల తరబడి పడడానికీ ఉన్న తేడా ఇది. అంత కొద్ది మోతాదులో పెరాక్సైడ్ కణాలకి పెరగమని సంకేతంగా కూడా పనిచేస్తుంది.

బంగాళదుంప
నాకు నీళ్ల పరీక్షలు చేసే అలవాటు ఉంది, పెరాక్సైడ్ కొలిచే కాగితం పట్టీలు ఇంట్లో ఉన్నాయి. ఈ చర్చ చదివి నిన్న కూర్చున్నాను. రెండు తేనెలు తీసుకున్నాను. ఒక్కోదాన్ని ఒక పాలు తేనెకి మూడు పాళ్ల నీళ్లు కలిపి, గిన్నె మూత తీసి గంట ఉంచాను. చిక్కటి తేనెలో నేరుగా ముంచిన పట్టీ రంగు మారలేదు. పలచన చేసిన మొదటి తేనెలో పట్టీ నీలం తిరిగింది, లీటరుకి 10 మిల్లీగ్రాముల గడికి దగ్గర. రెండోదాంట్లో ఏమీ లేదు.

తర్వాత మొదటి తేనె నీళ్లలో పచ్చి బంగాళదుంప ముక్క చితిపి వేశాను. పది నిమిషాల్లో పట్టీ మళ్లీ తెల్లగా వచ్చింది. దుంపలో కెటలేస్ ఉంటుంది, అది పెరాక్సైడ్‌ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నా అనుమానం ఏమిటంటే, రక్తంలో, కణజాలంలో కూడా కెటలేస్ దండిగా ఉంటుంది కదా. మరి గాయంలో ఈ పెరాక్సైడ్ నిలుస్తుందా? నా గిన్నెలో జరిగిందే అక్కడా జరగదా?

చీమలబారు
చూశారా. మూడో కారణం మీద నేను అందుకే అనుమానపడ్డాను.

గాజుపలక
@బంగాళదుంప అసలైన ప్రశ్న మీరు వేశారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మీ గిన్నెలో ఒకసారి పోగైన పెరాక్సైడ్ మీద కెటలేస్ ఒక్కసారిగా పడింది. గాయంలో తేనె పొర ఒక పక్క పుట్టిస్తుంటే రసి ఇంకో పక్క విడగొడుతుంటుంది. తేనె ఎక్కువ, రసి తక్కువ ఉన్న చోట పుట్టేది గెలుస్తుంది. రక్తం కారే గాయంలో కెటలేస్‌దే పైచేయి కావచ్చు.

న్యూజిలాండ్‌లో వైకటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ ఇదే దారిలో వెళ్లాడు. తేనెలో కెటలేస్ కలిపి పెరాక్సైడ్‌ని పూర్తిగా తీసేసినా మనుకా అనే పొద పూల తేనె క్రిములని ఆపుతూనే ఉంది. ఆ అదనపు పదార్థం మిథైల్‌గ్లయాక్సాల్ అని 2008 లో బయటపడింది. మామూలు తేనెల్లో అది అంతగా ఉండదు, కాబట్టి వాటిలో పెరాక్సైడ్ పోతే మిగిలేది చక్కెర, పులుపు, ఇంకా చిన్నా చితకా పదార్థాలే.

తేనెపట్టు
@బంగాళదుంప మీ రెండో తేనె పట్టీ మీద ఏమీ చూపకపోవడానికి వేడి కారణం కావచ్చు. సీసాలో గడ్డకట్టకుండా ఉండాలని కొందరు బాగా కాస్తారు. ఎంజైము ప్రోటీన్ కాబట్టి వేడికి చచ్చిపోతుంది. గాజుసీసాలో నెలల తరబడి వెలుతురులో ఉంచినా బలం తగ్గుతుంది.

పొడిచెట్టు
అయ్యో. నేను వాడిన తేనె గడ్డకట్టి ఉంటే సీసాని మరిగే నీళ్ల గిన్నెలో అరగంట పెట్టి కరిగించాను. అంటే నా తేనెలో మూడో కారణమే లేదన్నమాట!

రాత్రిడ్యూటీ
మీకు రెండు వైపులా దెబ్బ తగిలింది. పలచగా రాశానన్నారు కదా, ఎంత రాశారో గుర్తుందా?

పొడిచెట్టు
అర చెంచా. వేలితో పూసి పైన గుడ్డ కట్టాను.

రాత్రిడ్యూటీ
అర చెంచా అంటే 3 గ్రాములకి కాస్త అటూ ఇటూ. మీరు చెప్పిన మేర బట్టి మీ గాయం 40 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. పది సెంటీమీటర్ల చదరం గుడ్డకి 20 మిల్లీలీటర్ల తేనె పట్టించాలని చెబుతారు. ఆ లెక్కన మీకు 8 మిల్లీలీటర్లు కావాలి, తేనె బరువైనది కాబట్టి అది 11 గ్రాములు. గాజుగుడ్డలో తేనె ఇంకించి పెట్టాలి, చర్మం మీద పూసి పొడి గుడ్డ కడితే తేనె గుడ్డలోకి పోతుంది, గాయానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు గాజుపలక గారి లెక్కని 3 గ్రాములకి తిప్పండి. రెండున్నర గ్రాముల రసి చాలు, 0.91 దాటిపోతుంది. కొత్తగా కాలిన గాయం ఆపాటి రసిని కొద్ది గంటల్లోనే ఊరిస్తుంది. అక్కడి నుంచి మర్నాటి సాయంత్రం దాకా మీ చేతికి కట్టి ఉంచింది పలచటి, వెచ్చటి చక్కెర నీళ్లు. బ్యాక్టీరియాకి విందు పెట్టినట్టే. తడిసిన గుడ్డే మొదటి గుర్తు. పై గుడ్డ దాకా తడి వచ్చిందంటే గడువు దాటిందనే. రసి ఎక్కువగా ఊరే రోజుల్లో రోజుకొకసారి, ఒక్కోసారి రెండుసార్లు మార్చాలి, తగ్గాక రెండు మూడు రోజులకొకసారి చాలు.

రెండోమెట్టు
అయితే కాయని తేనె దండిగా పెడితే ఇంట్లోనే చేసుకోవచ్చన్నమాట.

గాజుపలక
అక్కడే ఆగండి. తక్కువ వాటర్ యాక్టివిటీ క్రిములని పెరగనివ్వదు, అన్నిటినీ చంపదు. క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొరలో దాగిన రూపాలు, తేనెలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలవు. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టొద్దనేది ఇందుకే. పలచబడిన తేనె, గాలి అందని లోతైన గాయం కలిస్తే వాటికి అవకాశం దొరుకుతుంది. పైగా గాలి లేని చోట గ్లూకోజ్ ఆక్సిడేజ్‌కి ఆక్సిజన్ కూడా ఉండదు, అంటే రక్షణ తగ్గిన చోటే ప్రమాదం పెరుగుతుంది.

కాస్తే స్పోర్లు చావవు, ఎంజైము చస్తుంది. గాయాలకి తయారు చేసే తేనెని గామా కిరణాలతో శుద్ధి చేసేది ఇందుకే. స్పోర్లు పోతాయి, ఎంజైము చాలావరకు మిగులుతుంది.

కొబ్బరాకు
మా నాన్నకి మధుమేహం, పాదం మీద పుండు నాలుగు నెలలుగా మానట్లేదు. ఎవరో తేనె పెట్టమన్నారు. పెట్టొచ్చా?

రాత్రిడ్యూటీ
@కొబ్బరాకు మీ అంతట మీరు పెట్టకండి. ఆ పుండు మానకపోవడానికి క్రిములు ఒక్కటే కారణం కాదు. పాదానికి రక్తం సరిగా అందకపోవచ్చు, స్పర్శ పోయి నడిచేటప్పుడు అదే చోట నొక్కుకుపోతుండవచ్చు, లోపల ఎముకకి పాకి ఉండవచ్చు. తేనె వీటిలో దేన్నీ సరిచేయదు. జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం తేనెకి మంచి ఆధారం కనబడింది పై పొరలు కాలిన గాయాల్లో, ఆపరేషన్ తర్వాత చీము పట్టిన గాయాల్లో. మధుమేహ పాదం పుండ్ల మీద తేల్చి చెప్పలేకపోయారు. పాదం చూసే డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే తీసుకెళ్లండి. నల్లబడినా, జ్వరం వచ్చినా అదే రోజు.

కొబ్బరాకు
రేపే తీసుకెళ్తాను.

చీమలబారు
నా మొదటి పోస్టులో "చేర్చినవే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రక్తం కారే గాయంలో పెరాక్సైడ్ నిలుస్తుందని ఎవరైనా చూపేదాకా నా ఓటు చక్కెరకే.

బంగాళదుంప
@పొడిచెట్టు మీ సీసాలో ఇంకా తేనె మిగిలిందా? రెండు పట్టీలు పంపిస్తాను. ఒకటికి మూడు పాళ్ల నీళ్లు, గంటసేపు, మూత లేకుండా.

పొడిచెట్టు
పట్టీలు అందాయి, ఇందాకే చూశాను. గంట తర్వాత కూడా తెల్లగానే ఉంది. రెండు గంటలకి మళ్లీ ముంచాను, అప్పుడూ అంతే.

తేనెపట్టు
కాచకముందు ఎలా ఉండేదో తెలియదు కదా. కొన్ని తేనెల్లో పుప్పొడి నుంచి వచ్చిన కెటలేస్ ఉంటుంది, అవి కాయకపోయినా పట్టీ మీద చూపవు. అదే తేనె కాయనిది ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి.

పొడిచెట్టు
అదే చోట తీసుకున్న ఇంకో సీసా గడ్డకట్టి అలాగే ఉంది, ముట్టుకోలేదు. రేపు ఉదయం గడ్డ తీసి చన్నీళ్లలో కరిగించి చూస్తాను.